బోరు పాయింట్ తప్పిందని ఎట్ల తెలుసు? చుట్టు తిరిగే వాదనను పట్టుకోవడం గురించి

పలమనేరు_తోట

పలమనేరు దగ్గర మాకు మామిడి తోట ఉంది. పాత బోరులో నీళ్ళు తగ్గిపోయాయి, కొత్తది వెయ్యాలి. మిషన్‌తో సర్వే చేయిద్దామని నేనంటున్నాను, కొబ్బరికాయతో పాయింట్ చూసే ఒక పెద్దాయన్ని పిలుద్దామని మా మామ అంటున్నాడు. అరచేతిలో కాయ పడుకోబెట్టి చేనంతా నడుస్తాడు. నీళ్ళున్న చోట కాయ లేచి నిలబడుతుందట, అక్కడ పుల్ల గుచ్చుతారు. మన వైపు అందరూ చూసిందే.

కొబ్బరికాయ పనిచేస్తుందా లేదా అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. మామ వాదించే తీరు గురించి అడుగుతున్నాను. "ఆయన పెట్టిన పాయింట్లో నీళ్ళు పడక తప్పదు" అంటాడు. పక్క తోటలో ఆయన పెట్టిన పాయింట్లోనే బోరు వేస్తే ఎనిమిది వందల అడుగుల దాకా ఉత్త దుమ్మే వచ్చింది కదా అన్నాను. "రిగ్గువాళ్ళు పాయింట్ తప్పించినారు, గజం పక్కన వేసినారు" అన్నాడు. తప్పించినారని ఎట్ల తెలుసు మామా అంటే, "పాయింట్ మీదే వేసుంటే నీళ్ళు పడేవి గదరా!" అన్నాడు.

ఎక్కడో లోపం ఉందని తెలుస్తోంది, ఇదిగో ఇక్కడ అని చూపించలేకపోతున్నాను. పైగా మామ నా మీదికే తిప్పాడు. "నీ మిషన్ సర్వే మాత్రం ఏంది? సైన్సు కాబట్టి కరెక్టు అంటావు, కరెక్టు కాబట్టి సైన్సు అంటావు. నాదీ అదే, నీదీ అదే" అన్నాడు. దానికీ జవాబు తోచలేదు. తర్కం తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.

కుప్పం_కుర్రోడు

అన్నా, సేమ్ నా కథ. అనుభవం లేదని ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం లేకపోతే అనుభవం రాదు. బెంగళూరులో ఏ ఇంటర్వ్యూకి వెళ్ళినా ఇదే చక్రం. దీనికి తర్కంలో విరుగుడు ఉంటే నాకూ చెప్పండి.

న్యాయం_చదివాను

కుప్పం తమ్ముడూ, నీ ఇబ్బంది నిజమైనదే, కానీ అది వేరే జాతి. నీ దగ్గర తిరుగుతున్నవి రెండు పరిస్థితులు. ఒకటి ఉంటే గానీ ఇంకొకటి దొరకదు. అందులో ఎవరూ దేన్నీ నిరూపించడం లేదు, కాబట్టి తప్పు వాదన అనేదే లేదు. ఆ చక్రాన్ని ఎవరో ఒకరు ఉద్యోగం ఇచ్చి తెంచాలి. పలమనేరు వారి మామ దగ్గర తిరుగుతున్నవి రెండు నమ్మకాలు. ఒక నమ్మకానికి ఆధారం అడిగితే రెండోదాన్ని చూపిస్తాడు, రెండోదానికి ఆధారం అడిగితే మొదటిదాన్ని చూపిస్తాడు. ఇది వాదనలోని లోపం.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను తిరుపతిలో సంస్కృత విద్యాపీఠంలో న్యాయశాస్త్రం చదువుకున్నాను, కోర్టుల న్యాయం కాదు, మన పాత తర్కశాస్త్రం. ఆ దారిలోనే చెబుతాను. మామ వాదనను మూడు వాక్యాలుగా విడదీసి పెట్టుకోండి. ఆయన పాయింట్ మీద బోరు వేస్తే నీళ్ళు పడతాయి. పక్క తోటలో నీళ్ళు పడలేదు. కాబట్టి అక్కడ బోరు పాయింట్ మీద పడలేదు. ఈ వరస వరకు తప్పేమీ లేదని గమనించండి. మొదటి రెండూ ఒప్పుకుంటే మూడోది ఒప్పుకొని తీరాలి. వాదన ఆకారంలో లోపం వెతికితే దొరకదు. మీరు వేలు పెట్టి చూపించలేకపోవడానికి కారణం ఇదే.

లోపం తర్వాతి అడుగులో ఉంది. పక్క తోట బోరును మీరు ముందుకు తెచ్చింది మొదటి వాక్యాన్ని ప్రశ్నించడానికి. ఆ ప్రశ్న నడుస్తుండగా, మామ అదే మొదటి వాక్యాన్ని ఆధారంగా వాడి మీ ఉదాహరణను కొట్టేశాడు. ఏది తేలాల్సి ఉందో దాన్నే తేలిపోయినట్టు వాడుకున్నాడు. ఆయన మాట మీద అనుమానం ఉన్న మనిషికి, "పాయింట్ తప్పింది" అని నమ్మడానికి ఆ అనుమానం వదిలేయడం తప్ప ఇంకో దారి లేదు.

దీన్ని పట్టుకోవడానికి ఒక పని చెయ్యండి. తేలాల్సిన మాటను కాసేపు పూర్తిగా పక్కన పెట్టండి. ఆ పెద్దాయన సంగతి మనకేమీ తెలియదనుకోండి. ఇప్పుడు "రిగ్గు గజం పక్కకు జరిగింది" అన్న వాక్యానికి ఇంకేదైనా ఆధారం మిగిలిందా? ఎవరైనా చూశారా, కొలిచారా, పుల్ల ఇంకా అక్కడే ఉందా? ఏదో ఒకటి మిగిలితే మామ వాదన నిలబడుతుంది. ఏమీ మిగలకపోతే ఆ వాక్యం కేవలం మొదటి వాక్యం నీడలోనే బతుకుతోందని అర్థం.

లెక్కల_మాస్టారు

ఇంత పొడుగ్గా అక్కర్లేదు. ఏ మాట రుజువు చెయ్యాలో ఆ మాటే కారణంలో వస్తే అది చుట్టు వాదన. "ఆయన మంచివాడు, ఎందుకంటే ఆయనలో మంచితనం ఉంది" లాంటిది. పదాలు గుర్తుపడితే చాలు. నేను పిల్లలకు ఇట్లాగే చెబుతాను.

న్యాయం_చదివాను

మాస్టారూ, మీరు చెప్పిన ఉదాహరణ చుట్టు వాదనే. కానీ ఆ గుర్తును నమ్ముకుంటే రెండు వైపులా మోసపోతాం. "నిన్న శ్రీకాళహస్తి బస్సు లేటు అయింది, మొన్నా లేటు అయింది, అందుకని ఈ రోజూ లేటు కావచ్చు." లేటు అన్న మాట కారణంలో ఉంది, ముగింపులోనూ ఉంది. అయినా చుట్టు వాదన కాదు, నిన్నటి లేటు సంగతి ఈ రోజు బస్సుతో సంబంధం లేకుండానే మనకు తెలుసు. రెండో వైపు, ఒక్క మాట కలవకపోయినా లోపల ఒకే సంగతి దాక్కుని ఉండొచ్చు. మామ వాదన చూడండి. కారణంలో "గజం పక్కన", "రిగ్గు" అనే మాటలున్నాయి. తేలాల్సిన మాటలో కొబ్బరికాయా, నీళ్ళూ ఉన్నాయి. పదాలు పోల్చుకుంటూ కూర్చుంటే ఇది ఎప్పటికీ దొరకదు.

గౌతముడి న్యాయసూత్రాల్లో హేతువులా కనిపిస్తూ హేతువు కానివి ఐదు రకాలు చెప్పారు. అందులో ఒకటి సాధ్యసమం. నిరూపించాల్సిన సంగతి ఎంత తేలకుండా ఉందో, దానికి చూపించిన కారణం కూడా అంతే తేలకుండా ఉండడం. దీనికి వాత్స్యాయనుడి భాష్యంలో ఇచ్చిన ఉదాహరణ నాకు చాలా ఇష్టం. "నీడ ఒక పదార్థం, ఎందుకంటే అది కదులుతుంది" అని ఒకడు వాదిస్తాడు. వినగానే కారణం బాగానే ఉంది అనిపిస్తుంది, నీడ కదలడం రోజూ చూసేదే కదా. భాష్యకారుడు అక్కడ ఆగి అడుగుతాడు. మనిషి నడిచినట్టు నీడ కూడా నిజంగా నడుస్తోందా? లేక వెలుతురుకు అడ్డు వచ్చే వస్తువు జరుగుతుంటే, వెలుతురు లేని చోటు ఒకదాని తర్వాత ఒకటి మనకు కనబడుతోందా? రెండోది నిజమైతే అక్కడ కదిలే వస్తువు నీడ కానే కాదు. నీడ పదార్థం అని ముందే ఒప్పుకున్నవాడికే "నీడ కదులుతుంది" అన్నది మామూలు సంగతిగా కనిపిస్తుంది. అనుమానం ఉన్నవాడికి అదీ ఇంకో ప్రశ్నే.

లెక్కల_మాస్టారు

నీడ ఉదాహరణ బాగుంది, ఒప్పుకుంటున్నాను. దానికి జోడీగా రేఖాగణితం నుంచి ఒకటి చెబుతాను, ఎందుకంటే అక్కడ ఇది పెద్ద పెద్దవాళ్ళనే పట్టేసింది. యూక్లిడ్ ఐదో స్వీకృతం, సమాంతర రేఖల గురించినది. దాన్ని ఊరికే ఒప్పుకోకుండా మిగతా స్వీకృతాల నుంచి రుజువు చెయ్యాలని శతాబ్దాలపాటు ప్రయత్నించారు. ఫ్రాన్సులో లెజాండ్రే ఒక రుజువు ఇచ్చాడు. అందులో మధ్యలో ఒక చిన్న అడుగు ఉంది. ఒక కోణం లోపల ఏ బిందువు తీసుకున్నా, దాని గుండా కోణం రెండు భుజాలనూ తాకేలా ఒక సరళరేఖ గీయవచ్చు అని. బొమ్మ గీసి చూస్తే ఎవరికీ అనుమానం రాదు. కానీ ఆ అడుగు కావాలంటే ఐదో స్వీకృతం ముందే ఉండాలి. సమాంతరం అన్న మాట అందులో ఎక్కడా లేదు, అయినా సంగతి మొత్తం అక్కడే కూర్చుంది.

అది ఎట్లా బయటపడిందో చెప్పాలి. 1829లో లొబచేవ్స్కీ, 1832లో బోల్యాయి ఆ స్వీకృతం లేకుండానే వేరే రేఖాగణితాన్ని కట్టారు. ఆ లోకంలో కోణం రెండు భుజాలనూ తాకే రేఖ గీయలేని బిందువులు ఉంటాయి. అంటే ముగింపు లేని లోకం ఒకటి తయారుచేసి, అందులో మీ కారణం ఇంకా బతికి ఉందా అని చూడాలి. మీరు చెప్పిన "పక్కన పెట్టి చూడండి" పనీ ఇదే.

అయితే నాకు ఒక అభ్యంతరం ఉంది. మీ లెక్కన పోతే సరైన వాదనలన్నీ చుట్టు వాదనలే అవుతాయి. మనుషులందరూ చనిపోతారు, ఫలానావాడు మనిషి, కాబట్టి వాడూ చనిపోతాడు. "అందరూ" అన్నప్పుడే వాడూ అందులో ఉన్నాడు కదా. ముగింపు కారణంలో దాగి ఉన్నట్టే కదా!

న్యాయం_చదివాను

ఈ అభ్యంతరాన్ని జాన్ స్టూవర్ట్ మిల్ 1843లో తన తర్కశాస్త్ర గ్రంథంలో గట్టిగానే లేవనెత్తాడు. ఆయన తీసుకున్న ఉదాహరణ డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్. అప్పటికి వెల్లింగ్టన్ బతికే ఉన్నాడు, అదే ఆ ఉదాహరణలోని పదును. బతికి ఉన్న మనిషి చనిపోతాడని మనకు ఎట్లా తెలుసు?

నా సమాధానం ఇది. "అందరూ చనిపోతారు" అన్న మాటను నువ్వు ఎక్కడి నుంచి తెచ్చుకున్నావో అడగాలి. పూర్వం పోయిన తరాల నుంచి, శరీరం ముసలిదవడం గురించి తెలిసినదాని నుంచి తెచ్చుకుంటే, అక్కడ వెల్లింగ్టన్ పేరు లేదు. అప్పుడు వాదన కొత్త చోటికి చేరినట్టే. ఒక్కొక్క మనిషినీ లెక్కపెట్టి, వెల్లింగ్టన్‌ని కూడా ఆ లెక్కలో కలిపాకే "అందరూ" అన్నావనుకో, అప్పుడు చుట్టు వాదనే. వాక్యాలు అవే, అక్షరం మారలేదు. ఆ కారణం ఏ దారిలో నీ చేతికి వచ్చిందో అదే మారింది. అందుకే వాక్యాలను మాత్రమే చూస్తూ కూర్చుంటే చుట్టు వాదనను తేల్చలేం అంటున్నాను.

రిగ్గు_పని

నాకు తర్కం రాదు, చిత్తూరు చుట్టుపక్కల బోర్ల దగ్గర పనిచేస్తాను. మామ చెప్పింది పూర్తిగా కొట్టెయ్యకండి. పాయింట్ తప్పడం నిజంగానే జరుగుతుంది. లారీ వెనక్కి తీసేటప్పుడు పుల్ల టైరు కింద పోతుంది. గట్టు అడ్డం వస్తే, నేల మెత్తగా ఉండి జాకీలు దిగబడితే, బండి రెండు మూడు అడుగులు జరిపి నిలబెడతారు. రైతు ఆ టైములో డీజిల్ గురించో భోజనాల గురించో తిరుగుతుంటాడు, చూసుకోడు.

మన దగ్గర కింద ఉండేది గ్రానైట్ బండ, దాని జాతి రాళ్ళు. నీళ్ళు పైన మెత్తబడిన రాతి పొరలో ఉంటాయి, కింద బండలో పగుళ్ళలో ఉంటాయి. పగులు సన్నగా నిలువుగా ఉంటే గజం తేడాలో తప్పిపోవచ్చు. వెడల్పు పగుళ్ళ చోటైతే గజం పెద్ద తేడా కాదు. అందుకని మామ చెప్పే కారణం జరిగే పనే. జరిగిందా అనేది చూడాలి.

చూడడం కష్టం కాదు. పుల్ల గుచ్చిన రోజే రెండు కదలని గుర్తులు పట్టుకోండి, కరెంటు స్తంభం ఒకటి, గట్టు రాయి ఒకటి. రెండింటి నుంచీ టేపుతో పుల్లకు దూరం కొలిచి రాసుకోండి. బోరు వేశాక కేసింగ్ పైపుకు అవే దూరాలు కొలవండి. పాయింట్ తప్పిందా లేదా అన్నది నీళ్ళతో పని లేకుండా తేలిపోతుంది.

న్యాయం_చదివాను

రిగ్గు అన్నా, నేను నాలుగు పేరాల్లో చెప్పినదాన్ని మీరు టేపుతో చేసి చూపించారు. "నీళ్ళతో పని లేకుండా" అన్న ఆ మాటే కీలకం. ఇంకో మేలు కూడా ఉంది. నీళ్ళు పడిన బోర్లకూ ఇదే కొలత వెయ్యండి. ఇప్పటిదాకా నీళ్ళు పడిన చోట ఎవరూ పాయింట్ తప్పిందేమో అని కొలవలేదు, పడని చోట మాత్రమే తప్పింది అన్నారు. నీళ్ళు పడిన బోర్లలో కూడా కొన్ని గజం పక్కన పడి ఉంటే? అప్పుడు ఆ నీళ్ళను పెద్దాయన ఖాతాలో ఎట్లా రాస్తాం? ఫలితం చూసి కొలత తీసేవాడు రెండు రకాల బోర్లకు రెండు రకాల టేపులు వాడుతున్నట్టే.

తిరుపతి_అక్క

బోర్ల మధ్యలో నా గొడవ పెడుతున్నందుకు ఏమనుకోకండి. మా తమ్ముడు ఒక బట్టల షాపులో కౌంటర్లో ఉండేవాడు. ఒక రోజు క్యాష్ తగ్గింది. ఓనర్ పిలిచి అడిగితే వాడికి చెమటలు పట్టాయి, మాట తడబడింది. "చూశారా, తీశాడు కాబట్టే టెన్షన్ పడుతున్నాడు" అన్నారు. వాడితోపాటు ఇంకో అబ్బాయి కూడా ఉన్నాడు, వాడు నిమ్మళంగా జవాబు చెప్పాడు. వాణ్ణి మొదట అనుమానించిన సూపర్వైజర్ మాత్రం, "వాడు ఆరితేరినోడు, అందుకే బెదరలేదు" అన్నాడట. చివరికి మా తమ్ముణ్ణి పనిలోంచి తీసేశారు. ఇదీ మీరు చెప్పే చుట్టు వాదనేనా?

న్యాయం_చదివాను

అక్కా, మీ తమ్ముడికి జరిగింది అన్యాయం. విడదీసి చూద్దాం. "చెమటలు పట్టాయి" అన్నది అందరూ చూసిన సంగతి, దానికి దొంగతనంతో పనిలేదు. "ఇది దొంగ టెన్షన్" అన్నది వేరే సంగతి. తీయనివాడికి కూడా ఓనర్ ముందు నిలబెట్టి అడిగితే చెమట పడుతుంది. ఆ చెమటను దొంగ చెమటగా చదవాలంటే తీశాడని ముందే అనుకోవాలి. అనుకున్నాక దాన్నే సాక్ష్యంగా చూపించారు.

ఇద్దరు అబ్బాయిల సంగతి కలిపి చూస్తే ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. భయపడితే దొంగ, భయపడకపోయినా దొంగ. అలాంటి చోట అడగాల్సిన ప్రశ్న ఒకటే. "వాడు ఎట్లా ప్రవర్తించి ఉంటే మీరు తీయలేదని నమ్మేవారు?" జవాబు లేకపోతే ప్రవర్తన అసలు లెక్కలోకే రాలేదన్నమాట. బిల్లులు, డ్రాయర్ ఎవరెవరు తెరిచారు, కెమెరా, ఇవి అడగాలి.

లెక్కల_మాస్టారు

ఇక్కడ నేను ఒప్పుకోను. ఓనర్ చేసింది బలహీనమైన సాక్ష్యం మీద తీర్పు చెప్పడం, చుట్టు వాదన కాదు. దొంగకు టెన్షన్ వచ్చే అవకాశం మామూలువాడి కంటే కొంచెం ఎక్కువే అనుకుందాం. అప్పుడు టెన్షన్ కొద్దిపాటి సాక్ష్యమే అవుతుంది. ఓనర్ దాన్ని మరీ పెద్దది చేశాడు, అంతే. సూపర్వైజర్ మాటను మాత్రం చుట్టు వాదన అంటాను. బెదరకపోవడాన్ని కూడా అటే లాగాడు కాబట్టి.

న్యాయం_చదివాను

ఓనర్ "ఎక్కువ మంది దొంగలు తడబడతారు" అని ఉంటే మీరన్నట్టే. ఆయన "తీశాడు కాబట్టే" అన్నాడు. ఆ "కాబట్టే"లో ముగింపు ముందే కూర్చుంది. కానీ ఆయన మనసులో ఏముందో మనం చూడలేం. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ అన్నది నాకు కూడా ప్రతిసారీ తేలదు.

తిరుపతి_అక్క

ఏ పేరైనా పెట్టండి సార్, ఆ ప్రశ్న మాత్రం రాసి పెట్టుకున్నాను. ఎట్లా ఉండి ఉంటే నమ్మేవారు అన్నది. ఆ రోజు మాకు అడగాలని తోచలేదు.

పలమనేరు_తోట

అందరికీ ధన్యవాదాలు. మామ నా మీదికి తిప్పిన ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. కొబ్బరికాయ పద్ధతి మూఢనమ్మకం కాబట్టి తప్పు, మిషన్ సర్వే సైన్సు కాబట్టి ఒప్పు అని నేనంటున్నాను. ఇందులో మామ చూపించిన లోపం నిజంగా ఉందా?

న్యాయం_చదివాను

ఉంది, మామ సరిగ్గానే పట్టుకున్నాడు. మూఢనమ్మకం అంటే ఏమిటి? ఆధారం లేని తప్పు నమ్మకం. ఒకదాన్ని ఆ పేరుతో పిలిచారంటే అది తప్పని అప్పుడే తీర్పు ఇచ్చేసినట్టు. తర్వాత "కాబట్టి తప్పు" అనడంలో కొత్తగా ఏమీ రాలేదు. చుట్టు వాదన ఎక్కువగా దాక్కునేది ఇలా పేర్లలోనే. సమాజానికి హాని చేసే ఈ అలవాటు మంచిది కాదు, అన్యాయమైన ఈ పన్ను రద్దు చెయ్యాలి, ఇలాంటివి రోజూ వింటాం. ఆ విశేషణాన్ని తీసేసి అదే వాక్యం మళ్ళీ చదవండి. కారణం ఏమైనా మిగిలిందా చూడండి.

సర్వే సంగతి రిగ్గు అన్న చెబితే బాగుంటుంది.

రిగ్గు_పని

నేను చూసినంతవరకు చెబుతాను. సర్వేవాళ్ళు నాలుగు ఇనుప కడ్డీలు ఒకే వరసలో భూమిలో దింపుతారు. బయట రెండింటి గుండా కరెంటు పంపుతారు, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ చూస్తారు. కడ్డీల మధ్య దూరం పెంచుకుంటూ పోతే ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. గట్టి బండ కరెంటును అడ్డుకుంటుంది, తడి ఉన్న మెత్తటి రాయి, నీళ్ళున్న పగుళ్ళు తక్కువ అడ్డుకుంటాయి.

దీన్ని ఎందుకు నమ్మాలి అంటే, ముందే వేసి ఉన్న బోర్ల పక్కన ఇదే కొలత తీసుకుని చూడవచ్చు. ఎన్ని అడుగుల్లో బండ తగిలింది, ఎక్కడ నీళ్ళు తగిలాయి అన్నది డ్రిల్లింగ్‌లో రాళ్ళపొడి చూసి మాకు తెలుసు. మిషన్ చెప్పినదీ పైకి వచ్చిన పొడీ కలుస్తున్నాయా చూస్తారు. కలవని చోట్లూ ఉన్నాయి. బంకమట్టి ఉన్నా మిషన్‌లో అడ్డు తక్కువే చూపిస్తుంది, అక్కడ బోరు వేస్తే నీళ్ళు రాకపోవచ్చు. బాగా లోతులో సన్న పగులు ఉంటే మిషన్‌కు కనబడదు. సర్వే చేయించి కూడా ఫెయిలైన బోర్లు ఉంటాయి. ఎవరైనా సర్వే ఆయన "మా మిషన్ తప్పు చెప్పదు, మీరే తప్పు వేశారు" అంటే, ఆయనకూ అదే టేపు పెట్టండి.

లెక్కల_మాస్టారు

ఇది మామ ప్రశ్నకు సరైన జవాబు. మిషన్ మీద నమ్మకం రాళ్ళపొడి నుంచి వస్తోంది, సైన్సు అన్న పేరు నుంచి కాదు. కొబ్బరికాయకూ ఇదే అవకాశం ఇవ్వవచ్చు. నీళ్ళు ఎక్కడున్నాయో ముందే తెలిసిన చోట, ఆ పెద్దాయనకు తెలియకుండా నడిపించి చూడొచ్చు.

ఎదురు_ప్రశ్న

మీరంతా ఒక చోట ఆగిపోతున్నారు. మిషన్‌కు ఆధారం రాళ్ళపొడి, రాళ్ళపొడికి ఆధారం మీ కన్ను. కన్నుకు ఆధారం? ఇంకో కన్నేనా? ప్రతి ఆధారానికీ ఆధారం అడుగుతూ పోతే మూడే దారులు. ఎప్పటికీ అంతం ఉండదు, లేదా తిరిగి మొదటికే వస్తారు, లేదా ఎక్కడో "ఇక అడగొద్దు" అని ఆపేస్తారు. చివరికి అందరం చుట్టు తిరిగేవాళ్ళమే. మామను మాత్రం ఎందుకు తప్పుపట్టడం?

న్యాయం_చదివాను

పాత ప్రశ్న, చాలా గట్టి ప్రశ్న. నాగార్జునుడు నైయాయికులను, అంటే న్యాయశాస్త్రం వాళ్ళను, ఇదే అడిగాడు. ప్రమాణం అంటే ఇక్కడ చూపు, ఊహ లాంటి తెలుసుకునే సాధనం. వస్తువు ఉందని ప్రమాణం వల్ల తెలుస్తుంది, ఆ ప్రమాణం సరైనదని వస్తువు వల్ల తెలుస్తుంది అంటే, రెండూ ఒకదాని భుజం మీద ఒకటి నిలబడినట్టే కదా అని. న్యాయం వైపు నుంచి వచ్చే జవాబు, పని నెరవేరడం. దూరంగా నీళ్ళు కనబడ్డాయి, వెళ్ళి తాగావు, దాహం తీరింది. అప్పుడు ఆ చూపు సరైనదని తేలింది. వాడుకునే ముందే ప్రతి ప్రమాణాన్నీ నిరూపించుకోవాల్సిన పని లేదు, అనుమానానికి కారణం వచ్చినప్పుడు పరీక్షిస్తే చాలు అంటారు.

మామ సంగతిలో అనుమానానికి కారణం వచ్చింది. ఎనిమిది వందల అడుగుల ఎండు బోరు ఎదురుగా ఉంది. కన్ను విషయంలో మనకు అలాంటిది రాలేదు.

ఎదురు_ప్రశ్న

దాహం తీరిందని తెలిసింది కూడా ఒక అనుభవమే. కలలో తాగినా తీరినట్టే ఉంటుంది. మీరు చక్రాన్ని పెద్దది చేశారు, తెంచలేదు.

న్యాయం_చదివాను

చక్రం పెద్దదైతే అందులో ఎన్నో వేరు వేరు సంగతులు ఒకదాన్నొకటి సరిచూస్తాయి. రెండు వాక్యాలు మాత్రమే ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడడానికీ దానికీ తేడా ఉందని నా నమ్మకం. ఆ తేడా చాలా అని మీరు అడిగితే, మా గురువుల మధ్యే ఏకాభిప్రాయం ఉండేది కాదు.

పలమనేరు_తోట

మామతో కూర్చున్నాను. టేపు కొలతకు ఒప్పుకున్నాడు, స్తంభం నుంచీ గట్టు రాయి నుంచీ కొలిచి క్యాలెండర్ వెనక రాసి సంతకం కూడా పెడతానన్నాడు. కానీ ఇంకో మాట కలిపాడు. మైల ఉన్నవాళ్ళు ఎవరైనా ఆ రోజు తోటలోకి వస్తే పాయింట్ పనిచెయ్యదట. ఎవరికి మైల ఉందో ఎట్ల తెలుస్తుంది అంటే నవ్వేశాడు.

న్యాయం_చదివాను

ఆయనతో గొడవ పడకండి. ఆ షరతును కూడా బోరు వేసే ముందే కాగితం మీద పెట్టించండి. ఎవరెవరు రాకూడదో పేర్లతో రాయమనండి, ఆ రోజు ఎవరొచ్చారో ఇద్దరూ కలిసి రాయండి. ముందే రాసి ఉంటే అది మామూలు షరతు, సరిచూడవచ్చు. నీళ్ళు పడలేదని తెలిశాక ఎవరో వచ్చి ఉంటారు అంటేనే మళ్ళీ పాత చోటికి వస్తాం.

రిగ్గు_పని

నీళ్ళు పడడం అంటే ఏమిటో కూడా ముందే రాసుకోండి. ఫలానా లోతు లోపల ఇన్ని ఇంచుల నీళ్ళు అని. లేకపోతే తడి మట్టి వచ్చినా పడింది అనే వాళ్ళుంటారు, ఇంచు వచ్చినా పడలేదు అనే వాళ్ళుంటారు. డ్రిల్లింగ్ టైములో ఎగిరిన నీళ్ళు చూసి తేల్చకండి. మోటారు దించి కొన్ని గంటలు వరసగా తోలి, అప్పుడు ఎన్ని ఇంచులు నిలబడిందో అది రాయండి. ఒక్క బోరుతో పెద్దాయన సంగతి తేలదు, పడినా తేలదు, పడకపోయినా తేలదు. మీ ఊళ్ళో ఇక మీద వేసే ప్రతి బోరుకూ, ఆయన చూసిన వాటికీ ఎవరూ చూడకుండా వేసిన వాటికీ, ఇదే కాగితం పెట్టగలిగితే అప్పుడు మాట్లాడుకోవచ్చు.